బావ రాసిన పేరా, నేను రెండుసార్లు వేసిన టేబుల్

ఏప్రిల్ చివర్లో మా బావ విజయవాడ నుంచి బెంగళూరు వచ్చి, కొత్త ఉద్యోగంలో చేరి, మారతహళ్లిలో మా ఇంట్లోనే పది రోజులు ఉన్నాడు. అక్క, పాప, అక్క వాళ్ల అత్తయ్యగారు స్కూళ్లు తెరిచేలోపు రావాలి. ఇల్లు వెతకడం బావ పని, ఎంచుకోవడం అక్క పని, మధ్యలో వివరాలు సర్దిపెట్టడం నా పని. నేను ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డాక్యుమెంట్లు రాసే ఉద్యోగం చేస్తాను, ఎవరో గజిబిజిగా రాసిన నోట్సు తీసుకుని టేబుళ్లు వెయ్యడం నాకు రోజూ ఉండేదే, కాబట్టి ఇది పావుగంట పని అనుకున్నాను. మూడు రోజులు పట్టింది. ఆలస్యమంతా గళ్లు నింపడంలో కాదు, పైవరసలో ఏం రాయాలన్న దగ్గరే.

ఆ ఆదివారం నాలుగు ఇళ్లు చూసి బావ ఫోన్‌లో కొట్టుకున్న పేరా ఇది, ఉన్నది ఉన్నట్టు:

"కాడుగోడి 26 వేలు, మెయింటెనెన్స్ 3500 వేరే, అడ్వాన్స్ 10 నెలలు అంటున్నాడు తగ్గిస్తాడట, నీళ్లు ఓకే, మెట్రోకి నడిచి వెళ్లొచ్చు, రెండో ఫ్లోర్ లిఫ్ట్ ఉంది, మే 15 తర్వాతే. హోప్ ఫారం దగ్గరది 31 అన్నీ కలిపి, అడ్వాన్స్ 1.5, కావేరి ఉంది, మూడో ఫ్లోర్ లిఫ్ట్ లేదు, కిచెన్ చిన్నది, వెంటనే చేరొచ్చు. వర్తూరు రోడ్డు లోపల ఇంకోటి 22 వేలే, నీళ్లకి మీటర్ ఉంది, పోయిన నెల పాతవాళ్లకి 1800 వచ్చిందట, వెలుతురు బాగుంది, ఓనర్ తెలుగాయనే, గ్రౌండ్ ఫ్లోర్, కార్ పార్కింగ్ లేదు, జూన్ 1. సీగేహళ్లి 24, అడ్వాన్స్ 5 నెలలు, నాలుగో ఫ్లోర్ లిఫ్ట్ ఉంది, ఫిబ్రవరి నుంచి ఖాళీ, కొత్త బిల్డింగ్, స్కూల్ దగ్గర."

నేను చేసింది అందరూ చేసేదే. పేరాలో ఏ మాటలు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయో వాటినే హెడింగులుగా పెట్టేశాను, ఎక్కడా ఇమడనివాటిని మంచివి, చెడ్డవి అని రెండు కాలమ్‌లలో పడేశాను.

| ఇల్లు | రెంట్ | మెయింటెనెన్స్ | అడ్వాన్స్ (నెలలు) | నీళ్లు | ఖాళీ | మంచివి | చెడ్డవి |
|---|---|---|---|---|---|---|---|
| 1 | 26,000 | 3,500 | 10 | ఓకే | మే 15 | మెట్రో, లిఫ్ట్ | అడ్వాన్స్ ఎక్కువ |
| 2 | 31,000 | – | 1.5 | కావేరి | వెంటనే | – | లిఫ్ట్ లేదు, కిచెన్ చిన్నది |
| 3 | 22,000 | – | – | మీటర్, 1,800 | జూన్ 1 | వెలుతురు, తెలుగు ఓనర్ | పార్కింగ్ లేదు |
| 4 | 24,000 | – | 5 | – | ఫిబ్రవరి | కొత్తది, లిఫ్ట్, స్కూల్ | – |

చూడ్డానికి శుభ్రంగానే ఉంది కదా. ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన అయిదు నిమిషాలకే అక్క ఫోన్. "ఒరేయ్, రెండో ఇంటికి ఒకటిన్నర నెల అడ్వాన్సేనా? బెంగళూరులో పది నెలలు గుంజుతారని భయపెట్టారు కదరా, రెంట్ కాస్త ఎక్కువైతే అయింది, అది తీసేసుకోమను బావని."

పక్కనే టీ తాగుతున్న బావ ఉలిక్కిపడ్డాడు. 1.5 అంటే ఆయన ఉద్దేశం ఒకటిన్నర లక్ష. మిగతా రెండింటికీ నెలల్లో రాశాడు, దీనికి ఓనర్ లక్షల్లో చెప్పాడు కాబట్టి లక్షల్లో రాసుకున్నాడు. పేరాలో అది తప్పు కాదు, పేరాలో 1.5 పక్కన ఏమీ లేదు, చదివినవాడికి ఏమిటీ 1.5 అన్న అనుమానమైనా వస్తుంది. ఆ అనుమానాన్ని చంపేసింది నేను పెట్టిన బ్రాకెట్. హెడింగ్‌లో (నెలలు) అని రాసిన క్షణంలో 1.5 కి నేను లేని అర్థం అంటగట్టాను. అక్క లెక్కలో అది 46,500 రూపాయలు, అసలు సంగతి 1,50,000. హెడింగ్‌లో కొలత రాయాలని అందరూ చెబుతారు, నేనూ ఆఫీసులో కొత్తవాళ్లకి అదే చెబుతాను, కానీ ఆ కాలమ్‌లోని ప్రతి గడినీ ఆ కొలతలోకి మార్చాకే ఆ మాట రాయాలి. మార్చకుండా రాస్తే కొలత లేకపోవడం కన్నా అన్యాయం, ఎందుకంటే అప్పుడు తప్పు అంకె కూడా నిబ్బరంగా కనిపిస్తుంది.

సరే, అది దిద్దుదామని కూర్చుంటే మిగతావీ కనబడటం మొదలుపెట్టాయి.

నీళ్లు అన్న కాలమ్‌ని పైనుంచి కిందికి చదవండి. ఓకే, కావేరి, మీటర్, గీత. మొదటిది నీళ్లు ఎలా ఉన్నాయో చెబుతోంది, రెండోది ఎక్కడినుంచి వస్తాయో చెబుతోంది, మూడోది బిల్లు ఎలా వేస్తారో చెబుతోంది, నాలుగోది ఏమీ చెప్పట్లేదు. నాలుగు గళ్లు, మూడు ప్రశ్నలకి జవాబులు, పైన ఒకే హెడింగ్. వీటిని ఒకదానితో ఒకటి ఎలా పోలుస్తారు? కావేరి గొప్పా, మీటర్ గొప్పా? నేను సాధారణంగా టేబుల్‌ని అడ్డంగా నింపుతాను, ఒక ఇల్లు అయ్యాక ఇంకో ఇల్లు, అలా నింపేటప్పుడు ఈ లోపం అస్సలు కనబడదు. నిలువుగా, ఒక్కో కాలమ్ బయటికి చదివితే అయిదు సెకన్లలో దొరుకుతుంది.

అందుకని రెండోసారి టేబుల్ జోలికి పోకుండా పేరాతో మొదలుపెట్టాను. దాన్ని ఒక పాత నోటుబుక్కులోకి ఎక్కించి, ఒక్కో సంగతి ఒక్కో లైన్‌లో వచ్చేలా ముక్కలు చేశాను. 31 ముక్కలు వచ్చాయి. ప్రతి ముక్క పక్కన, అది ఏ ప్రశ్నకి జవాబో రాశాను. "26 వేలు" పక్కన: నెలకి ఎంత కట్టాలి? "మెయింటెనెన్స్ 3500" పక్కన: నెలకి ఎంత కట్టాలి? "31 అన్నీ కలిపి" పక్కన కూడా అదే. "1800 వచ్చిందట" పక్కన కూడా అదే! బావ నాలుగు రకాలుగా రాసుకున్నాడు గానీ ప్రశ్న ఒక్కటే, నేనేమో దాన్ని రెంట్, మెయింటెనెన్స్, నీళ్లు అని మూడు కాలమ్‌లకి పంచిపెట్టాను. పంచడం వల్ల ఏమైందో చూడండి. రెంట్ కాలమ్ ప్రకారం హోప్ ఫారం ఇల్లు కాడుగోడి ఇంటికన్నా అయిదు వేలు ఎక్కువ. బావ చేత నలుగురు ఓనర్లకీ ఫోన్ చేయించి అసలు లెక్క తేల్చితే, కాడుగోడికి 26,000 మీద 3,500 కలిసి 29,500, నీళ్లు అందులోనే. హోప్ ఫారం వాళ్ల "అన్నీ కలిపి" లో ట్యాంకర్ వాటా లేదు, అది నెలకి ఓ 900 అవుతుందన్నారు, అంటే 31,900. తేడా అయిదు వేలు కాదు, 2,400. వర్తూరుకి 22,000, నీళ్లు 1,800, చెత్తకీ వాచ్‌మన్‌కీ 500, వెరసి 24,300. సీగేహళ్లికి మెయింటెనెన్స్ 2,500 కలిపి 26,500.

ఆ సీగేహళ్లి గీత సంగతి కూడా చెప్పాలి. మొదటి టేబుల్లో మెయింటెనెన్స్ కింద మూడు గీతలున్నాయి. హోప్ ఫారం గీతకి అర్థం రెంట్‌లోనే కలిసిందని. సీగేహళ్లి గీతకి అర్థం బావ అడగడం మర్చిపోయాడని. వర్తూరు గీతకి అర్థం నాకే తెలీదు. అక్క మాత్రం మూడింటినీ సున్నా అనే చదువుకుంది, ఎవరైనా అలాగే చదువుతారు. ఇప్పుడు గీత పెట్టడం మానేశాను, "లేదు", "కలిసే ఉంది", "అడగలేదు" అని పదాల్లోనే రాస్తున్నాను. కాలమ్‌లో "అడగలేదు" ఎక్కువసార్లు వస్తే ఫోన్లు చెయ్యాలి, అంతేగానీ టేబుల్ పంపకూడదు.

ఫ్లోర్, లిఫ్ట్ విషయంలో కాసేపు తర్జనభర్జన పడ్డాను. ముక్కలు చేస్తే ఇవి రెండు వేర్వేరు సంగతులు, ఒక సంగతికి ఒక కాలమ్ అన్న నియమం ప్రకారం రెండు కాలమ్‌లు పెట్టాలి. కానీ ఫ్లోరు ఎన్నోదని అక్క ఎందుకు అడుగుతుంది? అత్తయ్యగారి మోకాళ్ల కోసం. ఆవిడకి నాలుగో ఫ్లోర్‌లో లిఫ్ట్ ఉన్న ఇల్లు సుఖం, మూడో ఫ్లోర్‌లో లిఫ్ట్ లేని ఇల్లు నరకం. రెండు కాలమ్‌లు పెడితే చదివే ప్రతిసారీ అక్క 4 నీ ఉందినీ, 3 నీ లేదునీ మనసులో కలుపుకోవాలి. అందుకని "లిఫ్ట్ లేకుండా ఎక్కే అంతస్తులు" అని ఒకే హెడింగ్ పెట్టి 0, 3, 0, 0 రాశాను. ఇలా కలపడంలో ఒక నష్టం ఉంది, కరెంటు పోయినప్పుడు లిఫ్ట్‌కి జనరేటర్ ఉందా అన్నది మరుగునపడిపోతుంది. అది అడిగించాను, లిఫ్ట్ ఉన్న రెండింటికీ ఉంది. ఒకదానికే ఉండుంటే ఈ హెడింగ్ పెట్టేవాణ్ని కాదు.

నీళ్ల దగ్గర కూడా అక్క ఏం అడుగుతుందో అదే పట్టుకున్నాను. 2024 ఎండాకాలంలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి, ట్యాంకర్ల కోసం జనం పడిన అవస్థ టీవీలో చూసింది తను. తనకి కావలసింది కావేరి కనెక్షన్ ఉందా లేదా అన్నది కాదు, మే నెలలో కుళాయి తిప్పితే నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి అన్నది. హెడింగ్ "వేసవిలో నీళ్లు" అయింది. ఆ హెడింగ్‌తో మళ్లీ అడిగితే హోప్ ఫారం వాళ్లు కావేరి వారానికి రెండుసార్లే వస్తుందనీ మిగతాది ట్యాంకరనీ ఒప్పుకున్నారు. మొదటిసారి "నీళ్లు ఉన్నాయా" అని అడిగితే "కావేరి ఉంది సార్" అన్నది కూడా నిజమే మరి.

ఇక ఖాళీ అన్న హెడింగ్. దీని గురించి నాకింకా సిగ్గుగానే ఉంది. మే 15, వెంటనే, జూన్ 1, ఫిబ్రవరి. ఏప్రిల్‌లో కూర్చుని ఫిబ్రవరి అని రాశాను, నాకు అనుమానమే రాలేదు. తెలుగులో "ఫిబ్రవరి నుంచి ఖాళీ" అంటే ఫిబ్రవరిలో ఖాళీ అవుతుందనీ అనుకోవచ్చు, ఫిబ్రవరి నుంచీ ఖాళీగానే పడి ఉందనీ అనుకోవచ్చు. ఖాళీ అన్న హెడింగ్ రెండు అర్థాల్నీ మింగేసింది. దాన్ని "ఎప్పుడు చేరొచ్చు" అని మార్చగానే ఫిబ్రవరి అక్కడ నిలబడలేకపోయింది, "ఇప్పుడే" అని రాయాల్సి వచ్చింది. ఫిబ్రవరి మాత్రం ఖాళీగా మిగిలి నా వంక చూస్తోంది. కొత్త బిల్డింగ్, లిఫ్ట్, అడ్వాన్స్ తక్కువ, స్కూల్ దగ్గర, మరి రెండు నెలలుగా ఎవరూ ఎందుకు చేరలేదు? బావ మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ ఆగి వాచ్‌మన్‌ని కదిలించాడు. బోరు జనవరిలోనే అడుగంటిందట, పూర్తిగా ట్యాంకరేనట.

చూశారా, నేను కూడా "అట" అనే రాశాను. బావ పేరాలో రెండు చోట్ల ఈ ట ఉంది: తగ్గిస్తాడట, 1800 వచ్చిందట. కళ్లారా చూసినదానికీ, ఎవరో చెప్పగా విన్నదానికీ మధ్య గీతని మన భాష ఒక్క అక్షరంతో గీసేస్తుంది, మనం ఆలోచించకుండానే వాడేస్తాం. అదే మాట టేబుల్లోకి వెళ్లేసరికి "1,800" అయిపోతుంది. పక్క గడిలో బావ నోటీస్ బోర్డు మీద స్వయంగా చదివిన 3,500 కీ, పాతవాళ్ల పేరు చెప్పి బ్రోకర్ అన్న 1,800 కీ ఒకే హోదా వచ్చేస్తుంది. దీనికోసం "ఎవరు చెప్పారు" అని ఒక కాలమ్ పెట్టి చూశాను, బాగాలేదు, ఎందుకంటే ఒకే ఇంటికి కొన్ని చూసినవీ కొన్ని విన్నవీ ఉంటాయి, ఆ కాలమ్ ఏ గడి గురించి మాట్లాడుతోందో తెలియదు. చివరికి విన్నమాట ఉన్న ప్రతి గడిలో ఒక నల్లచుక్క పెట్టాను, టేబుల్ కింద ఒక్క వాక్యం రాశాను: చుక్క అంటే అట.

మంచివి, చెడ్డవి కాలమ్‌లు రెండూ ఎగిరిపోయాయి. వర్తూరు ఇంటికి వెలుతురు బాగుందని రాస్తే మిగతా మూడూ చీకటి కొట్లని అర్థమా? కాదు, బావకి అక్కడే ఎండ మొహం మీద పడింది, అంతే. లిఫ్ట్ ఒకచోట మంచివిలో ఉంది, ఇంకోచోట లేకపోవడం చెడ్డవిలో ఉంది, అంటే అది ఎప్పుడో సొంత కాలమ్ అవ్వాల్సింది. నేను పెట్టుకున్న లెక్క ఏంటంటే, ఒకే రకం సంగతి రెండు ఇళ్లకి వస్తే అది కాలమ్, ఒక్క ఇంటికే వస్తే, మిగతావాటికి కనుక్కునేంత ముఖ్యమా అని అక్కని అడగాలి, కాకపోతే టేబుల్ కింద ఒక లైన్‌లో రాసెయ్యాలి. కార్ పార్కింగ్ గురించి అడిగితే "మనకి కారెక్కడిదిరా" అంది. మెట్రో కూడా అలాగే పోయింది. కాడుగోడి స్టేషన్ పక్కనే ఉందని బావ ముచ్చటపడ్డాడు గానీ ఆయన ఆఫీసుకి వెళ్లేది బండి మీద. ఆ స్థానంలో సోమవారం పొద్దున తొమ్మిదింటికి మ్యాప్‌లో చూసిన నిమిషాలు పెట్టాను. కిలోమీటర్లు పెట్టకపోవడానికి కారణం బెంగళూరులో ఒక్కరోజు ఉన్నవాళ్లకైనా తెలుస్తుంది.

ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కని ఒక నెల రెంట్ అడ్వాన్స్‌లోంచి కోస్తామని నలుగురూ ఒకే మాట అన్నారు. దానికి కాలమ్ పెట్టలేదు. నాలుగు గళ్లలోనూ ఒకే మాట ఉండే కాలమ్ దేన్నీ పోల్చదు, చోటు తింటుంది. పదకొండు నెలల అగ్రిమెంట్ కూడా అంతే. రెండూ టేబుల్ కిందికి వెళ్లాయి.

అన్నట్టు ఇళ్లకి 1, 2, 3, 4 అని నెంబర్లు పెట్టడం కూడా పిచ్చి పనే. ఫోన్లో అక్క "రెండోది" అంటే బావ తను రెండోదిగా చూసిన ఇల్లు అనుకున్నాడు, ఆయన చూసిన వరస వేరు. ఏరియా పేర్లు పెట్టేశాను. అడ్వాన్స్ అన్నీ రూపాయల్లోకి మార్చాను, వర్తూరుకి ఆరు నెలలని ఫోన్లో తేలింది.

| ఇల్లు | నెలకు మొత్తం (₹) | అడ్వాన్స్ (₹) | వేసవిలో నీళ్లు | లిఫ్ట్ లేకుండా ఎక్కే అంతస్తులు | ఎప్పుడు చేరొచ్చు | ఆఫీసుకి పొద్దున (నిమిషాలు) |
|---|---|---|---|---|---|---|
| కాడుగోడి | 29,500 | 2,60,000 (తగ్గొచ్చు •) | బోరు • | 0 | మే 15 | 15 |
| హోప్ ఫారం | 31,900 • | 1,50,000 | కావేరి + ట్యాంకర్ | 3 | ఇప్పుడే | 10 |
| వర్తూరు | 24,300 • | 1,32,000 | బోరు • | 0 | జూన్ 1 | 40 |
| సీగేహళ్లి | 26,500 • | 1,20,000 | ట్యాంకర్ • | 0 | ఇప్పుడే | 30 |

ఏడు కాలమ్‌లు ఫోన్ స్క్రీన్ మీద ఇరుకే, ఫోన్ అడ్డంగా తిప్పితే గానీ చదవలేం. డబ్బు ముందు పెట్టింది అక్క కోసం, చివర ఆఫీసు నిమిషాలు పెట్టింది కూడా అక్క కోసమే, అది బావ కష్టం కాబట్టి తనకి ఆఖరు. ఈ మాట బావకి చెప్పలేదు.

ఈసారి అక్క అడిగింది ఒక్కటే, కాడుగోడి బోరు ఎండాకాలం ఆగుతుందా అని, సరిగ్గా చుక్క ఉన్న గడి గురించి. బావ వెళ్లి అదే బిల్డింగులో కింద ఉంటున్నవాళ్లని అడిగి వచ్చాడు, రెండేళ్లుగా ట్యాంకర్ పిలవలేదన్నారు. అంతా అయిపోయింది, వర్తూరా కాడుగోడా అన్న దగ్గరికి వచ్చాం, నెలకి అయిదు వేలు ఆదా కాబట్టి వర్తూరు వైపే మొగ్గుతోంది అక్క. అప్పుడు గ్రూపులో అమ్మ మెసేజ్ వచ్చింది: "గుమ్మాలు ఎటువైపో రాయలేదేంట్రా?"

నిజంగానే లేదు. 31 ముక్కల్లో ఒక్కదాంట్లోనూ లేదు. బావకి తోచలేదు కాబట్టి పేరాలో లేదు, పేరాలో లేదు కాబట్టి నేను ఎంత చక్కగా ముక్కలు చేసినా నా హెడింగుల్లోకి రాలేదు. అమ్మని గ్రూపులో పెట్టుకుని ఆవిడ ఏం అడుగుతుందో ముందు అడగకపోవడం నా తప్పే. బావ శనివారం నాలుగిళ్లకీ మళ్లీ వెళ్లి, ఫోన్లో కంపాస్ పెట్టుకుని గుమ్మాల ముందు నిలబడ్డాడు. "గుమ్మం" అని ఎనిమిదో కాలమ్ వచ్చింది: తూర్పు, ఉత్తరం, దక్షిణం, తూర్పు. దక్షిణం వర్తూరుది. నాకైతే ఆ పట్టింపు లేదు, కానీ టేబుల్ నా కోసం వేసింది కాదు.

కాడుగోడి ఓనర్‌తో అడ్వాన్స్ గురించి బావ మళ్లీ కూర్చున్నాడు. పది నెలలు ఏడుకి దిగింది, 1,82,000. ఆ గడి దిద్దుతూ చుక్క తీసేశాను.